పెద్ద పార్టీకి బాక్సులు లేటయ్యాయి, క్షమాపణ లేఖ రాయాలి. మా డ్రాఫ్ట్ చూసి చెప్పండి

అనంత_సేల్స్
అందరికీ నమస్కారం. అనంతపురం దగ్గర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సేల్స్ చూస్తాను. తాడిపత్రి వైపు అరటి ఎక్స్‌పోర్ట్ చేసే పార్టీ ఒకటి మాకు అన్నిటికంటే పెద్ద ఖాతా. వాళ్ల ఆర్డరు 12,000 ఐదు ప్లై బాక్సులు, పెట్టెకు 13 కిలోల పండు పట్టేవి. జనవరి 6 లోపు మొత్తం ఇవ్వాలి. 7వ తేదీ రాత్రికి 3,000 మాత్రమే చేరాయి. ఇంకా 9,000 బాకీ. వాళ్లు బుక్ చేసుకున్న కంటైనర్ ఒకటి తర్వాతి ఓడకు మారింది. ఓనరుగారు ఈరోజే లేఖ పంపమన్నారు. నా డ్రాఫ్ట్ ఇది:

"గౌరవనీయులైన సార్, కొన్ని అనివార్య కారణాల వల్ల, పేపర్ మిల్లు నుంచి ముడిసరుకు ఆలస్యంగా రావడం వల్ల, తమరి ఆర్డరు సరఫరాలో జాప్యం జరిగింది. తమరికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మిగతా బాక్సులు 10వ తేదీకి పంపగలమని మనవి. ఎప్పటిలాగే తమరి సహకారం కోరుతున్నాము."

ఏమైనా మార్చాలా?

కొండారెడ్డి_బురుజు
తమ్ముడూ, నీది చదివితే నాకు మా చెల్లెలి పెళ్లి సోఫా గుర్తొచ్చింది. కర్నూల్లో ఆర్డరిస్తే పెళ్లయ్యాక వచ్చింది. నేనైతే వదలకుండా వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తానని చెప్పా, డబ్బు వెనక్కిచ్చారు. నువ్వూ గట్టిగా నిలదీయి, ఊరికే వదిలిపెట్టద్దు.

అనంత_సేల్స్
అన్నా, నిలదీయించుకునేది మేమే. లేటు చేసింది మా ఫ్యాక్టరీ.

కొండారెడ్డి_బురుజు
ఓహో. అయితే సోఫా వాడు ఏం రాశాడో వెతికి పెడతాలే.

పెన్నా_ఒడ్డు
నేను ఒక పండ్ల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చాలా ఏళ్లు పర్చేజ్ చూశాను, ఇప్పుడు మానేశాను. ఇలాంటి లేఖలు నా టేబుల్ మీదికి వచ్చేవి. ఏవీ రెండో పేరా దాకా చదివేవాణ్ని కాదు. డ్రాఫ్ట్ గురించి మాట్లాడే ముందు మూడు సంగతులు చెప్పు. పేపర్ రీళ్లు ఎప్పుడు రావాల్సింది, ఎప్పుడొచ్చాయి? లేటవుతుందని పార్టీకి మీరు ఎప్పుడు చెప్పారు? అప్పటికి వాళ్లు గెలలు కొట్టారా లేదా?

అనంత_సేల్స్
రీళ్లు 1న రావాలి, 3న వచ్చాయి. పార్టీకి 6 సాయంత్రం ఫోన్ చేశాం. ఆ పొద్దునే వాళ్లు ఒక తోటలో గెలలు కొట్టేశారు. బాక్సులు లేక సుమారు ఆరు టన్నులు లోకల్ వ్యాపారికి అమ్ముకున్నారు.

పెన్నా_ఒడ్డు
అదీ సంగతి. మీ లేఖలో ఆ ఆరు టన్నుల ఊసే లేదు. అటువైపు కూర్చున్నవాడి తలలో ఇప్పుడు అది తప్ప ఇంకేమీ లేదు.

ఎక్స్‌పోర్ట్ అరటి ఎలా నడుస్తుందో చూడు. గెల ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, కాయ లావు ఒక కొలతకు వచ్చిన దశలో కొట్టాలి. కొట్టాక ప్యాక్‌హౌస్‌లో కడిగి, గ్రేడ్ చేసి, పెట్టెలో పెట్టి, సుమారు 13 డిగ్రీల చలిలోకి తోసేయాలి. కొట్టిన గెల పెట్టె కోసం ఎదురు చూడదు. చెట్టు మీద ఉన్న గెల కొన్ని రోజులు ఎదురు చూస్తుంది, ఆ తర్వాత కాయ ముదిరి ఓడలోనే పండటం మొదలెడుతుంది. అంటే బాక్సులు రెండు రోజులు లేటని 3వ తేదీనే తెలిస్తే ఆయన కోత జరుపుకునేవాడు, కంటైనర్ తేదీ మార్చుకునేవాడు. ఒక్క గెల కూడా పాడయ్యేది కాదు. 6న తెలిసింది కాబట్టి ఆరు టన్నులు పోయాయి. ఆ నష్టం ఆలస్యం వల్ల వచ్చింది కాదు, మీరు మూడు రోజులు చెప్పకుండా ఊరుకోవడం వల్ల వచ్చింది. లేఖ దాని గురించి రాయాలి.

కడప_కారం
ఇంత ఎందుకప్పా. పది శాతం డిస్కౌంట్ పడేయండి, నోరు మూస్తాడు. వ్యాపారంలో ప్రతిదానికీ రేటుంటుంది. నేను కడప రాళ్ల పాలిష్ యూనిట్ నడుపుతా. లోడు లేటైతే అదే చేస్తా, పార్టీ మళ్లీ నా దగ్గరికే వస్తాడు.

రాయలసీమ_లెక్కలు
కారం అన్నా, రాళ్లు లేటైతే కుళ్లవు కదా! లెక్క వేసి చూద్దాం. బాక్సు రేటు ఎంత, ఎక్స్‌పోర్ట్ రేటుకూ లోకల్ రేటుకూ కిలోకు తేడా ఎంత?

అనంత_సేల్స్
బాక్సు 55 రూపాయలు. కిలోకు తేడా 6 రూపాయలు అని వాళ్ల మేనేజర్ చెప్పాడు.

రాయలసీమ_లెక్కలు
12,000 బాక్సులు 55 చొప్పున 6,60,000. పది శాతం అంటే 66,000. ఆరు టన్నుల మీద కిలోకు 6 రూపాయలంటే 36,000. డిస్కౌంట్ ఇస్తే ఎక్కువ ఖర్చు పెట్టి తక్కువ మెప్పు పొందినట్టు. ఎందుకంటే ఆయన దృష్టిలో 66,000 మీరు నోరు మూయించడానికి ఇచ్చిన డబ్బు. 36,000 అయితే ఆయన పోగొట్టుకున్నది లెక్కపెట్టి తిరిగిచ్చిన డబ్బు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈసారి పది శాతం ఇస్తే తర్వాతి ఆర్డరు రేటు మాట్లాడేటప్పుడు బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

కాకపోతే 36,000 అని మీరే ముందు రాయకండి. లోకల్ వ్యాపారి బిల్లు, కాటా చీటీ పంపమని అడగండి. బరువు ఐదున్నర టన్నులు కావచ్చు, ఆరున్నర కావచ్చు. కాగితం ప్రకారం ఎంతయితే అంత ఇస్తామని రాయండి. కంటైనర్ మార్పు చార్జీ వేరే ఉంటుంది, దానికి షిప్పింగ్ ఏజెంటు బిల్లు ఉంటుంది.

సివిల్_కోర్టు_ఎదురుగా
నేను వకీలుని. నా మాట ఒకటి వినండి. "తప్పు మాదే, నష్టం భరిస్తాం" అని లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వద్దు. రేపు తేడా వస్తే ఆ కాగితమే మీ మీద సాక్ష్యం. మిల్లు లేటు కాబట్టి ఫోర్స్ మజూర్, అంటే మన చేతిలో లేని కారణం, అని రాసి ఊరుకోవడం క్షేమం.

పెన్నా_ఒడ్డు
సార్, గౌరవంగానే అడుగుతున్నా. వాళ్ల పర్చేజ్ ఆర్డరులో ఆ క్లాజు లేకపోతే?

అనంత_సేల్స్
లేదు సార్. ఒక పేజీ పీఓ. రేటు, సైజు, తేదీ, "తేదీ ముఖ్యం" అని ఒక లైను. అంతే.

సివిల్_కోర్టు_ఎదురుగా
క్లాజు లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే, ఒప్పుకుంటా. రీలు రెండు రోజులు లేటవడం వ్యాపారంలో మామూలు, దాన్ని దైవాధీనం అని కోర్టు అనుకోదు. అయినా నా మొదటి మాట నిలుస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, సమయం ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యంగా వచ్చినా పార్టీ తీసుకుంటే, తీసుకునేటప్పుడే నష్టపరిహారం అడుగుతానని చెప్పి ఉండాలి. చెప్పకుండా తీసుకుంటే తర్వాత అడగలేడు. 7న 3,000 తీసుకునేటప్పుడు ఆయన ఏమన్నాడు?

అనంత_సేల్స్
వాట్సాప్‌లో "ఈ నష్టం మీ ఖాతాలోనే" అని పెట్టారు.

సివిల్_కోర్టు_ఎదురుగా
అయితే నోటీసు ఇచ్చినట్టే అనుకోవాలి. అలాంటప్పుడు మీరు "పూర్తి బాధ్యత మాదే" అని వదులుగా రాస్తే, ఓడ మారినందుకు విదేశీ కొనుగోలుదారు కోసిన డబ్బు, పోయిన తర్వాతి ఆర్డరు, అన్నీ మీ మీద పెట్టడానికి చూస్తారు. దూరపు నష్టాలు చట్టంలో రావు, కానీ ఏది దూరం ఏది దగ్గర అన్నది తేల్చడానికే ఏళ్లు పడుతుంది. కాబట్టి ఏ నష్టం, ఏ బిల్లు మీద, ఎంతవరకు అనేది పేరు పెట్టి రాయండి. చివర్లో "ఇంతటితో ఈ విషయం పూర్తిగా పరిష్కారమైనట్టు" అని ఒక వాక్యం చేర్చండి.

పెన్నా_ఒడ్డు
పేరు పెట్టి రాయడం వరకు నూటికి నూరు పాళ్లు సరే. ఆ చివరి వాక్యం మాత్రం క్షమాపణ లేఖలో పెడితే నేనైతే చింపి పారేసేవాణ్ని. అది డబ్బు ఇచ్చే రోజున, క్రెడిట్ నోటుతో పాటు వేరే కాగితం మీద తీసుకోవచ్చు.

సివిల్_కోర్టు_ఎదురుగా
ఆ రోజున ఆయన సంతకం పెట్టకపోతే? నా అభిప్రాయం మారదు.

బాక్స్‌వాలా_హిందూపురం
మాదీ ఇదే లైను కాబట్టి వేరే ప్రశ్న. మీ డ్రాఫ్టులో "మిగతా బాక్సులు 10వ తేదీకి" అని ఉంది. మీ మిషన్ రోజుకెంత తీస్తుంది?

అనంత_సేల్స్
ఐదు ప్లై అయితే 3,000. ఓనరుగారు రాత్రి షిఫ్టు పెట్టి 10కి మొత్తం లాగేద్దాం అంటున్నారు.

బాక్స్‌వాలా_హిందూపురం
అలా చేయకండి. గంజి జిగురుతో అతికిన షీటు తడిగా ఉంటుంది. ఒక రోజు ఆరాక పంచింగ్, పిన్నింగ్ చేసి కట్టలు కట్టాలి. తడి షీటు మీద తొందరపడి పని చేస్తే ఫ్లూట్, అంటే లోపలి అలల పొర, నలిగిపోతుంది. కట్టలో చూస్తే బాక్సు బాగానే ఉంటుంది, నిలబెడితే మూలలు మెత్తగా తగులుతాయి. ఆ బాక్సు చల్లటి, తేమ ఉండే కంటైనర్‌లో ఎనిమిది వరుసల ఎత్తున నిలబడాలి. అడుగు వరుస కుంగితే పండు నలుగుతుంది, ఆ ఫొటోలు దిగుమతిదారు దగ్గర నుంచి వస్తాయి. లేటు బాక్సుకు ఒక క్షమాపణ చాలు, కుంగిన బాక్సుకు ఎన్ని లేఖలు రాసినా చాలవు. ఈరోజు తీసింది 10న, రేపటిది 11న, ఎల్లుండిది 12న వెళ్తుంది. అంతకంటే ముందు వెళ్లదు.

పెన్నా_ఒడ్డు
12 కూడా నమ్మకండి. సంక్రాంతి. 12 మధ్యాహ్నం నుంచి హమాలీలు ఊళ్లకు పోతారు, లారీ దొరికినా డ్రైవరు దొరకడు. చెప్పిన తేదీ రెండోసారి తప్పితే ఇక మీ లేఖకు విలువ ఉండదు.

ఇప్పుడే ఫోన్ చేసి ఒకటి అడుగు: పండగలోపు ఎన్ని పెట్టెలు కావాలి? పండక్కి వాళ్ల ప్యాక్‌హౌస్ కూలీలూ వెళ్తారు, కోత కూడా ఆగుతుంది. 9,000 నిజంగా కావాల్సిన పని ఉండకపోవచ్చు.

అనంత_సేల్స్
ఫోన్ చేశా సార్. మేనేజర్ మొదట కోప్పడ్డాడు, తర్వాత చెప్పాడు. పండగలోపు 6,000 చాలు, మిగతా 3,000 18న కోత మొదలయ్యేసరికి ఉంటే సరిపోతుందట!

రాయలసీమ_లెక్కలు
చూశారా, ఈ ప్రశ్న 3న అడిగి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

బాక్స్‌వాలా_హిందూపురం
ఇంకో అనుమానం. రీళ్లు 3న వచ్చాయి, మొదటి లోడు 7న చేరింది. 4న మిషన్ ఎక్కిస్తే 6కి మొదటి లోడు పోవాలి. మధ్యలో ఏం నడిచింది?

అనంత_సేల్స్
4, 5 తేదీల్లో వేరే పార్టీ అర్జెంటు ఆర్డరు నడిచింది. కొత్త పార్టీ, అడ్వాన్సు ఇచ్చారు. ఇది లేఖలో వద్దని ఓనరుగారు గట్టిగా చెప్పారు. మొత్తం మిల్లు మీద పెట్టమన్నారు.

కడప_కారం
ఓనరు చెప్పిందే కరెక్టు. ఇంటి గుట్టు ఎవరైనా కాగితం మీద పెడతారా?

పెన్నా_ఒడ్డు
కారం అన్నా, అనంతపురం నుంచి తాడిపత్రికి బాక్సులు తోలే లారీలు ఎన్ని? ఆ డ్రైవర్లే రెండు పార్టీలకూ లోడు దించుతారు. 5న ఎవరి బాక్సులు ఎక్కాయో ప్యాక్‌హౌస్ గేటు దగ్గర టీ తాగేవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. లేఖలో మిల్లు అని రాసి, గేటు దగ్గర వేరే మాట వినబడితే, ఆయన ఆ తర్వాత మీ ఏ కారణాన్నీ నమ్మడు. మిల్లు నిజంగా లేటైన రోజున కూడా.

ఆ కొత్త పార్టీ పేరు చెప్పనక్కర్లేదు. అడ్వాన్సు సంగతి అసలు వద్దు. "రెండు రోజులు పేపరు వల్ల, రెండు రోజులు మా ప్రొడక్షన్ వరుసలో మీ ఆర్డరును వెనక్కి జరపడం వల్ల" అంటే సరిపోతుంది. దీనికి ఓనరు ఒప్పుకోకపోతే మిల్లు మాట కూడా తీసేయి. కారణం లేని లేఖ ఫరవాలేదు. సగం కారణం ఉన్న లేఖ ప్రమాదం.

రాయలసీమ_లెక్కలు
డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. బాక్సు రేటు తగ్గించినట్టు ఇన్వాయిస్ మార్చకండి. పరిహారం మొత్తానికి జీఎస్టీ కలపని ఫైనాన్షియల్ క్రెడిట్ నోటు ఇస్తే వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాల్సిన తలనొప్పి ఉండదు. ఒప్పందం తప్పినందుకు ఇచ్చే నష్టపరిహారం దానంతటదే సేవకు ప్రతిఫలం కాదని 2022 ఆగస్టులో కేంద్ర పన్నుల బోర్డు సర్క్యులర్ కూడా ఇచ్చింది. మీ ఆడిటర్‌కు ఒకసారి చూపించి చేయండి.

తోట_పిల్ల_నార్పల
మాది అరటి తోట. అందరూ ఎక్స్‌పోర్టర్ నష్టం, ఫ్యాక్టరీ నష్టం అంటున్నారు. ఆ ఆరు టన్నులు ఏ రైతువి? ఎక్స్‌పోర్ట్ రేటుకు మాట్లాడుకుని, గెలలు కొట్టాక "లోకల్ రేటే ఇస్తాం" అన్నారేమో కనుక్కోండి. మాకు ఒకసారి అలాగే జరిగింది. మీ క్రెడిట్ నోటు ఎక్స్‌పోర్టర్ ఖాతాలో పడి అక్కడే ఆగిపోతుంది.

అనంత_సేల్స్
అక్కా, అది మాకు తెలియదు. అడగడం మా స్థానం కాదేమో.

తోట_పిల్ల_నార్పల
అడగడం కాదు తమ్ముడూ, లేఖలో "తోట రైతుకు తగ్గిన మొత్తం" అని రాయండి. ఆ మాట కాగితం మీద ఉంటే ఆయనే ఆలోచిస్తాడు.

పెన్నా_ఒడ్డు
అలా రాస్తే ఆయన లెక్కల్లో తలదూర్చినట్టవుతుంది. కోపంగా ఉన్న పార్టీతో ఇప్పుడు అది వద్దనిపిస్తుంది నాకు. అమ్మాయి చెప్పినదాంట్లో న్యాయం ఉందనీ ఒప్పుకుంటా.

కొండారెడ్డి_బురుజు
సోఫా వాడి మెసేజ్ దొరికింది. "సారీ అన్నా, కార్పెంటర్‌కు జ్వరం." అంతే ఉంది. పనికొస్తుందా?

అనంత_సేల్స్
🙂 అన్నా, పనికొచ్చింది. ఎలా రాయకూడదో తెలిసింది.

ఓనరుగారితో మాట్లాడా. వరుస మార్చిన మాట రాయడానికి చివరికి ఒప్పుకున్నారు, పరిహారం మీద ఒక పరిమితి పెట్టమన్నారు. కొత్త డ్రాఫ్ట్:

"గౌరవనీయులైన సార్,

మీ 12,000 బాక్సుల ఆర్డరు జనవరి 6 లోపు ఇవ్వాల్సింది. 7 రాత్రికి 3,000 మాత్రమే ఇచ్చాం. పేపర్ రీళ్లు మాకు రెండు రోజులు ఆలస్యంగా, 3న వచ్చాయి. ఆ తర్వాత రెండు రోజులు మా ప్రొడక్షన్ వరుసలో మీ ఆర్డరును వెనక్కి జరిపాం. ఆలస్యమవుతుందని 3నే తెలిసినా మీకు 6 సాయంత్రం దాకా చెప్పలేదు. ఆ పొద్దున మీరు కోత పెట్టుకున్నారు. ముందే చెప్పి ఉంటే ఆ గెలలు చెట్టు మీదే ఉండేవి. దీనికి క్షమించమని అడుగుతున్నాం.

మీ మేనేజర్‌గారితో మాట్లాడిన ప్రకారం జనవరి 10న 3,000, జనవరి 12 పొద్దున 3,000 మీ గేటుకు చేరతాయి. చివరి 3,000 జనవరి 17న చేరతాయి. షీట్లు పూర్తిగా ఆరాకే పిన్నింగ్ చేస్తాం కాబట్టి 10కి ముందు పంపడం లేదు. లోడు బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఎన్ని కట్టలు సిద్ధమయ్యాయో ఫొటోతో నేనే పంపుతాను.

6న లోకల్‌గా అమ్మిన పండుకు బిల్లు, కాటా చీటీ పంపితే, ఎక్స్‌పోర్ట్ రేటుకూ ఆ రేటుకూ ఉన్న తేడాను, కంటైనర్ తేదీ మార్చినందుకు పడిన చార్జీని, రెండూ కలిపి 50,000 రూపాయల వరకు క్రెడిట్ నోటుగా ఇస్తాం. బిల్లులు అందిన వారంలోపు ఇస్తాం.

ఇకపై మీ ఆర్డరు పేపరు మా గోడౌన్‌కు అనుకున్న రోజు రాకపోతే, అదే రోజు మీకు ఫోన్ వస్తుంది."

బాక్స్‌వాలా_హిందూపురం
ఆరడం గురించి రాసిన వాక్యం బాగుంది. లైనులో ఉన్నవాడికి ఆ ఒక్క మాటతో నమ్మకం కుదురుతుంది.

సివిల్_కోర్టు_ఎదురుగా
50,000 పరిమితి పెట్టారు, సంతోషం. "పూర్తి పరిష్కారం" వాక్యం లేదు, అసంతృప్తి.

పెన్నా_ఒడ్డు
చివరి వాక్యం నిలబెట్టుకోగలరా? స్టోర్స్ వాళ్లు రీలు రాలేదని సేల్స్‌కు చెప్పే అలవాటు మీ ఫ్యాక్టరీలో ఉందా? లేకపోతే ముందు అది ఏర్పాటు చేసి, తర్వాత రాయి. ఇంకోటి. ఓనరుగారు మొదట ఫోన్ చేయాలి, ఆ తర్వాతే లేఖ వెళ్లాలి. లేఖ తీసుకుని నువ్వే వెళ్లు, కొరియర్ వద్దు.

కడప_కారం
నేనైతే ఇంత రాయను. కానీ ఆ గెలల గురించి రాసిన వాక్యం చదివితే నాక్కూడా కోపం తగ్గింది, అది నిజం.

అనంత_సేల్స్
అప్‌డేట్ పెడుతున్నా. ఓనరుగారు ఫోన్ చేశాక లేఖ నేనే తీసుకెళ్లి ఇచ్చా. పార్టీ ఓనరు చదివి, "వరుస మార్చారని నాకు 5వ తేదీనే తెలుసు" అన్నారు. ఇంకేమీ అనలేదు. 10న, 12న లోడులు చెప్పినట్టే చేరాయి. 12న లారీ కోసం ఓనరుగారి బామ్మర్దిని బతిమాలాల్సి వచ్చింది, అది వేరే కథ. 17న చివరి 3,000 దిగాయి. కాటా చీటీ ప్రకారం 5,840 కిలోలు, అంటే 35,040. కంటైనర్ చార్జీ బిల్లు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి ఆర్డరు వచ్చింది. కానీ సగమే. మిగతా సగం వేరే ఫ్యాక్టరీకి ఇచ్చారట.

బాక్స్‌వాలా_హిందూపురం
ఆ వేరే ఫ్యాక్టరీ మాదే కాదులే, కంగారుపడకు.

పెన్నా_ఒడ్డు
సగం రావడమే మంచి సంగతి. నేనైనా అలాగే చేసేవాణ్ని, ఒకే ఫ్యాక్టరీ మీద కంటైనర్లన్నీ పెట్టకూడదని ఆయనకు ఇప్పుడు తెలిసింది కదా. ఫిబ్రవరి పేపరు ఆర్డరు పెట్టారా?

అనంత_సేల్స్
పెట్టాం సార్. ఈసారి 25న రావాలి. స్టోర్స్‌లో బోర్డు మీద తేదీ రాయించా, రాకపోతే సాయంత్రం ఐదింటికి నాకు ఫోన్ చేయాలని చెప్పా.

తోట_పిల్ల_నార్పల
రైతు సంగతి ఏమైంది?

అనంత_సేల్స్
అడగలేదు అక్కా. కంటైనర్ బిల్లు తీసుకోవడానికి వచ్చే వారం వెళ్తా, అప్పుడు మేనేజర్‌ను కదిలిస్తా. చెప్తాడో లేదో తెలియదు.